బీఎఫ్ఆర్ శిక్షణ

బీఎఫ్ఆర్ అంటే బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్. రక్త ప్రవాహాన్ని కొంత అదుపు చేస్తూ తేలికపాటి బరువులతో చేసే కసరత్తు ఇది. జపాన్‌కు చెందిన యోషియాకి సాటో దీనికి ఆద్యుడు. అక్కడ దీన్ని ‘కాత్సు’ అంటారు.

కండ పెరగాలంటే మామూలుగా గరిష్ఠ సామర్థ్యంలో సుమారు 70 శాతం బరువు ఎత్తాలంటారు. మోకాలి శస్త్రచికిత్స అయినవారికి అది సాధ్యం కాదు. కాలితో 50 కిలోలు ఎత్తగలిగే వ్యక్తి, తొడ పైభాగాన గాలిపట్టీ బిగించుకుంటే 10-15 కిలోలతోనే సాధన చేయొచ్చు. మొదట 30 సార్లు, తర్వాత మూడు విడతలుగా 15 సార్ల చొప్పున ఎత్తాలి. నడుమ 30 సెకన్ల విరామం.

పట్టీ ధమనుల్లో రక్త ప్రవాహాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. సిరల్లో మాత్రం తిరుగు ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. దాంతో కండలో ఆక్సిజన్ తగ్గి, లాక్టేట్ వంటి జీవక్రియ ఉత్పత్తులు పేరుకుంటాయి. నిదానంగా పనిచేసే తంతువులు త్వరగా అలసిపోతాయి. అప్పుడు, సాధారణంగా పెద్ద బరువులకే కదిలే వేగవంతమైన తంతువులు రంగంలోకి దిగుతాయి. కణాల్లో ‘ఎమ్‌టార్’ సంకేత మార్గం చురుకై ప్రొటీన్ తయారీ పెరుగుతుంది.

అయితే బలం పెంచడంలో భారీ బరువులదే పైచేయి. తిమ్మిరి వచ్చినా, కాలు పాలిపోయినా పట్టీ వెంటనే వదులు చేయాలి. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారు వైద్యుల అనుమతి లేకుండా చేయకూడదు.