బాణం దేనితో పోలుస్తోంది?

నెలవారీ సమీక్ష సమావేశాల్లో చూపించే స్లైడ్లలో ఒక రూపం ఇప్పుడు బాగా స్థిరపడిపోయింది. పక్కపక్కనే నాలుగు పెట్టెలుంటాయి. ఒక్కో పెట్టెలో పెద్దగా ఒక అంకె, దాని కింద పైకో కిందికో చూపే బాణం, అడుగున సన్నటి గీత. వీటినే కేపీఐ కార్డులంటారు. పని ఎలా సాగుతోందో చెప్పే ముఖ్యమైన కొలతకు కేపీఐ అని పేరు. ఇప్పుడు ఎంత ఉందో అంకె చెబుతుంది. అప్పటికీ ఇప్పటికీ ఎంత మారిందో బాణం చెబుతుంది. ఆ మార్పు నెమ్మదిగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా అన్నది గీత చెబుతుంది.

స్లైడు తయారుచేసేవాళ్లు ఎక్కువ సమయం పెట్టెల రంగులకూ అంకె సైజుకూ వెచ్చించి, బాణాన్ని చివర్లో అతికిస్తారు. నా దృష్టిలో పని మొదలుపెట్టాల్సింది బాణం దగ్గరే. సమావేశంలో కూర్చున్నవాళ్లు అంకెను మరిచిపోయినా బాణం ఎటు చూపిందో గుర్తుపెట్టుకుంటారు. దాన్నిబట్టే సంతోషిస్తారు, నిలదీస్తారు.

ఒక పాల శీతలీకరణ కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు పోసే పాలు ఇక్కడికి చేరతాయి. మే నెల సమీక్షకు నాలుగు కొలతలు కావాలి: రోజుకు సగటున వచ్చిన పాలు, వెన్న శాతం, విరిగిపోయి పక్కన పెట్టిన పాల శాతం, బిల్లు ముగిశాక రైతు ఖాతాలో డబ్బు పడటానికి పట్టిన రోజులు. ఇందులోని అంకెలన్నీ వివరణ కోసం వేసుకున్నవే.

మేలో రోజుకు సగటున 18,400 లీటర్లు వచ్చాయి. ఏప్రిల్‌లో వచ్చినవి 19,600. ఏప్రిల్‌తో పోలిస్తే 6.1 శాతం తగ్గినట్టు, బాణం కిందికి చూపుతుంది. నిరుడు మేలో వచ్చినవి 17,100. దానితో పోలిస్తే 7.6 శాతం పెరిగినట్టు, బాణం పైకి చూపుతుంది. రెండు లెక్కలూ సరైనవే. కానీ పాడి పశువులు చలికాలంలో ఎక్కువ పాలిస్తాయి, ఎండలు ముదిరేకొద్దీ తగ్గిస్తాయి. గేదెల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఏప్రిల్ నుంచి మేకి పాలు తగ్గడం ఎండాకాలం చేసిన పని. కేంద్రం సిబ్బంది పనితీరును తెలుసుకోవాలంటే నిరుటి మేతోనే పోల్చాలి. ఇలా రుతువును బట్టి ఊగే కొలతలన్నిటికీ, పండగ నెలల్లో పెరిగే బట్టల అమ్మకాలకైనా, వేసవిలో పెరిగే కరెంటు వాడకానికైనా, నిరుటి అదే నెలే సరైన తోడు. దేనితో పోల్చామో బాణం పక్కనే ‘నిరుడు మే కంటే’ అని రాయాలి. ఆ మూడు మాటలు లేని బాణాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు. నాలుగు కార్డులకూ ఒకే పోలిక వాడటం కూడా అంతే అవసరం. ఒకటి పోయిన నెలతో, ఇంకొకటి లక్ష్యంతో పోల్చుకుంటూ పోతే పక్కపక్కన పెట్టిన ప్రయోజనమే ఉండదు.

ఈ నిర్ణయం గీతను కూడా మార్చేస్తుంది. చాలామంది అలవాటుగా 12 నెలల గీత గీస్తారు. జూన్ నుంచి మే వరకు 12 చుక్కలు వస్తాయి. బాణం పోలుస్తున్న నిరుటి మే మాత్రం అందులో ఉండదు! గీతకు 13 నెలలు కావాలి. అప్పుడు మొదటి చుక్క నిరుటి మే, చివరి చుక్క ఈ మే అవుతాయి. ఆ రెండు చుక్కల్నీ కాస్త పెద్దవి చేసి, మొదటిదాన్ని బూడిద రంగులోనూ చివరిదాన్ని ముదురు రంగులోనూ ఉంచితే, బాణం చెప్పిన తేడా గీతలో కంటికి కనిపిస్తుంది. మధ్యలో చలికాలపు ఎత్తు కూడా కనిపిస్తుంది కాబట్టి ‘ఏప్రిల్ కంటే తగ్గిందేం?’ అన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

వెన్న శాతం కార్డులో ఇంకో చిక్కుంది. నిరుడు 6.2 శాతం, ఇప్పుడు 6.4 శాతం. పెరిగింది ఎంత? రెండు శాతాల మధ్య తేడా 0.2 పాయింట్లు. అదే తేడాను పాత అంకెతో భాగిస్తే 3.2 శాతం వస్తుంది. కార్డు మీద ‘3.2%’ అని చూసినవాళ్లు వెన్న శాతం 3.2కు పడిపోయిందనో, 3.2 మేర పెరిగిందనో అనుకునే ప్రమాదముంది. కొలతే శాతాల్లో ఉన్నప్పుడు మార్పును పాయింట్లలోనే చూపాలి. విరిగిన పాల కార్డుకూ ఇదే వర్తిస్తుంది. 1.2 శాతం నుంచి 0.8కి వచ్చింది కాబట్టి 0.4 పాయింట్లు తగ్గింది. ‘33 శాతం తగ్గించాం’ అని రాస్తే గొప్పగా కనిపిస్తుంది, లెక్కా తప్పు కాదు. కానీ పక్క కార్డులో పాయింట్లు, ఇక్కడ శాతం పెడితే చదివేవాళ్లను తికమక పెట్టినట్టే.

నాలుగో కార్డు డబ్బు పడే రోజులది. నిరుడు 6 రోజులు, ఇప్పుడు 9. బాణం పైకి చూపుతుంది, కానీ ఇది మంచి వార్త కాదు. పక్కన విరిగిన పాల బాణం కిందికి చూపుతోంది, అది మంచి వార్త. అంటే బాణం దిక్కు ఒక సంగతి చెప్పాలి, రంగు వేరే సంగతి చెప్పాలి. అంకె పెరిగిందా తగ్గిందా అన్నది దిక్కు చెబుతుంది. అది మనకు మేలా కాదా అన్నది రంగు చెబుతుంది. ‘పైకి అంటే పచ్చ, కిందికి అంటే ఎరుపు’ అని రెండింటినీ కట్టేస్తే రైతుకు డబ్బు ఆలస్యమవడం పచ్చగా మెరుస్తూ కనిపిస్తుంది. ఇలాంటి స్లైడ్లలో దీనికి మించిన పొరపాటు లేదు.

నేనైతే పచ్చ, ఎరుపు జంటను అసలే వాడను. ఆ రెండింటినీ విడిగా గుర్తించలేనివాళ్లు మగవాళ్లలో గణనీయంగా ఉంటారు. పైగా స్లైడును నలుపు తెలుపులో ప్రింటు తీస్తే రెండూ ఇంచుమించు ఒకేలాంటి బూడిద రంగులో కనిపించవచ్చు. ముదురు నీలం, నారింజ రంగులు వాడి, నారింజ కార్డులో ‘ఆలస్యం పెరిగింది’ అని ఒక చిన్న మాట కూడా రాస్తే రంగు పోయినా అర్థం మిగులుతుంది. పవర్‌పాయింట్‌లో `View` ట్యాబులో `Grayscale` నొక్కితే ప్రింటులో ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది.

ఇక కొలతలు. పవర్‌పాయింట్‌లో వెడల్పాటి స్లైడు 33.87 సెంటీమీటర్ల వెడల్పు, 19.05 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అటూ ఇటూ 1.5 సెంటీమీటర్లు, కార్డుల మధ్య 0.8 చొప్పున వదిలేస్తే ఒక్కో కార్డుకు 7.1 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. ఎత్తు 9 సరిపోతుంది. కొలత పేరు 16 పాయింట్లలో, అంకె 44లో, మార్పు 18లో, ‘నిరుడు మే కంటే’ అన్నది 14లో పెడితే గది చివర కూర్చున్నవాళ్లకూ దాదాపు అందుతుంది. ఒక కార్డును పూర్తిగా తయారుచేసి, అన్నిటినీ కలిపి `Ctrl+G`తో గుంపు చేసి, దానికే మూడు నకళ్లు తీయాలి. తర్వాత `Align`లో `Distribute Horizontally` నొక్కితే మధ్య ఖాళీలు సమానమవుతాయి. తెలుగులో కొలత పేరు రాసేటప్పుడు వరుసల మధ్య కాస్త ఎక్కువ చోటు వదలాలి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

గీత సంగతి కొంత నెమ్మదిగా చూడాలి. మాటల పక్కన ఇమిడిపోయేంత చిన్న గీతలకు స్పార్క్‌లైన్ అని పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ టఫ్టీ. ఎక్సెల్‌లో 2010 నుంచి ఇవి నేరుగా దొరుకుతున్నాయి. పవర్‌పాయింట్‌లో అలాంటి బటన్ లేదు. `Insert`, `Chart`, `Line` అని వెళ్లి మామూలు లైన్ చార్టు పెట్టి, శీర్షిక, సూచిక, అడ్డగీతలు తీసేయాలి. నిలువు అక్షాన్ని పూర్తిగా తుడిచేయకుండా `Label Position`ను `None` చేసి, అక్షం గీతకు రంగు తీసేస్తే చాలు. అక్షాన్ని ఉంచమనడానికి కారణముంది. దాని కింది, పై హద్దులను మనమే నిర్ణయించాలి. వాటిని ప్రోగ్రాముకే వదిలేస్తే వెన్న శాతం 6.2 నుంచి 6.4కి కదిలినా గీత అడుగు నుంచి పైదాకా కొండలా లేస్తుంది. అక్షం మీద అంకెలు కనిపించవు కాబట్టి అది చిన్న మార్పని చూసేవాళ్లకు తెలిసే దారి లేదు. ఈ కార్డుకు 5.5 నుంచి 7.5 వరకు హద్దులు పెడితే గీత మెల్లగా లేస్తుంది. నిజం కూడా అంతే. విరిగిన పాలకూ, డబ్బు రోజులకూ సున్నా నుంచి మొదలుపెట్టడం మేలు. నాలుగు గీతల కొలమానాలు వేరు కాబట్టి ఒకదాని ఎత్తును ఇంకోదానితో పోల్చకూడదు. అందుకే మొదటి, చివరి చుక్కల దగ్గర విలువలు చిన్నగా రాయడం నాకిష్టం.

నెలనెలా వచ్చే ఇబ్బంది ఇంకోటి. అంకె మారుస్తారు, బాణం మార్చడం మరిచిపోతారు. బాణాన్ని చేత్తో పెట్టకుండా ఎక్సెల్ చేతే వేయించవచ్చు. నిరుటి విలువ B2లో, ఇప్పటిది C2లో ఉంటే తేడా సూత్రం, దాని కింద సెల్‌కు ఇవ్వాల్సిన ఫార్మాట్ ఇవి:

```
=C2/B2-1
"▲ "0.0%;"▼ "0.0%;0.0%
```

పెరిగితే మొదటి భాగం, తగ్గితే రెండోది, మార్పు లేకపోతే మూడోది పనిచేస్తుంది. పాయింట్ల కార్డులకు `=(C2-B2)*100` అని తీసి, ఫార్మాట్‌లో `%` తీసేస్తే సరి (సెల్‌లో విలువ 6.4% అని ఉంటేనే ఈ గుణకారం కావాలి). ఆ ఫలితాన్ని చూసి స్లైడులో రాస్తే దిక్కు తప్పడానికి వీల్లేదు. రంగు మాత్రం మనిషే ఆలోచించి పెట్టాలి, ఏ కొలత పెరిగితే మంచిదో ఎక్సెల్‌కు తెలియదు.

ఇంకా పూర్తికాని నెలను గీతలో చేర్చకూడదు. 20వ తేదీన స్లైడు చేస్తూ ఆ నెల మొత్తం పాలను చివరి చుక్కగా వేస్తే గీత చివర్లో లోయలోకి పడిపోతుంది. రోజువారీ సగటు తీసుకుంటే ఈ బెడద తగ్గుతుంది కానీ, నెలాఖరులో చేరే బిల్లుల లెక్కకు ఆ రక్షణ కూడా ఉండదు.

మన ఉదాహరణలో చివరికి మూడు కార్డులు నీలంగా, ఒక్కటి నారింజగా నిలుస్తాయి. కన్ను సూటిగా నాలుగోదాని మీదికే పోతుంది. అందుకే స్లైడు శీర్షికలో ‘మే నెల పనితీరు’ అని రాయడం వృథా. ‘పాలూ వెన్నా పెరిగాయి, రైతుకు డబ్బు 3 రోజులు ఆలస్యమైంది’ అని రాయాలి. తర్వాత ఆ కార్డు గీతను చూడాలి. ఆరు నెలలుగా కొద్దికొద్దిగా లేస్తుంటే అది డబ్బు సర్దుబాటు చిక్కు కావచ్చు. పదకొండు నెలలు 6 దగ్గరే ఉండి ఒక్క మేలో 9కి ఎగిరితే, ఆ నెల బిల్లు ఏ బల్ల మీద ఆగిందో వెతకాలి. ఏ ఊరి రైతులకు ఎన్నాళ్లు ఆలస్యమైందన్న వివరం కార్డులో ఇమడదు, దానికి మరో స్లైడు కావాలి.