400 డాలర్లకు అమ్మింది ఏమిటి?

1984లో అమెరికాలోని వ్యానిటీ ఫెయిర్ పత్రిక, గాయకుడు ప్రిన్స్ బొమ్మ వేయమని ఆండీ వార్హోల్‌ని అడిగింది. ఆయన చూసి వేయడానికి లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన ఒక ఫొటో తీసుకుని, ఆవిడకు 400 డాలర్లు ఇచ్చింది. షరతు స్పష్టం: వాడకం ఒక్కసారే, ఆవిడ పేరు వేయాలి. పత్రికలో ఊదారంగు ప్రిన్స్ అచ్చయ్యాడు. వార్హోల్ మాత్రం అదే ఫొటోతో మొత్తం 16 బొమ్మలు చేసుకున్నాడు. 2016లో ప్రిన్స్ చనిపోయినప్పుడు, వార్హోల్ ఫౌండేషన్ వాటిలో నారింజరంగు బొమ్మను పత్రిక ముఖచిత్రానికి 10,000 డాలర్లకు ఇచ్చింది. గోల్డ్‌స్మిత్‌కు డబ్బూ లేదు, పేరూ లేదు.

రంగు మారింది, నీడలు పోయాయి, కొత్త కళ అయింది కదా అన్నది ఫౌండేషన్ వాదన. 2023లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో దాన్ని ఒప్పుకోలేదు. ఫొటో, బొమ్మ రెండూ పత్రికకు ప్రిన్స్ రూపాన్ని అందించే పనే చేశాయంది. తీర్పు ఆ అమ్మకం ఒక్కదాని గురించే. మ్యూజియంలో వేలాడదీయడం తప్పా కాదా అన్నది కోర్టు తేల్చలేదు. నాకు ఈ కేసులో నచ్చిన సంగతి అదే: బొమ్మ ఒకటే అయినా, ప్రతి వాడకానికీ విడిగా జవాబు వెతకాలి.

మన దగ్గర బాపు తీరులో బొమ్మ వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తీరు ఎవరి సొత్తూ కాదు. బాపు వేసిన ఫలానా బొమ్మనే దించి అమ్మితే అది వేరే సంగతి. ఆయన 2014లో పోయారు కాబట్టి, వాటి మీద హక్కు 2074 చివరిదాకా ఉంటుంది.

ఇక పెళ్లి ఫొటోని కార్టూన్‌గా గీయించుకున్నారనుకోండి. డబ్బిచ్చి తీయించిన ఫొటోకీ, గీయించిన చిత్తరువుకీ, వేరే ఒప్పందం లేకుంటే, గీయించుకున్నవారే మొదటి హక్కుదారులని మన 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది. ఆర్టిస్టు ముందే ‘సొంత వాడకానికే’ అని షరతు పెట్టి, మీరు సరేనంటే మాత్రం ఆ మాటే చెల్లుతుంది. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవచ్చు, కప్పుల మీద అచ్చేసి అమ్మకూడదు. సినిమా హీరో ఫొటో నెట్‌లో దొరికిందని తెచ్చి గీయిస్తే కథ మారుతుంది. ఆర్టిస్టుకు ఎంత ఇచ్చినా ఫొటో హక్కు మీకు రాదు. ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినంత మాత్రాన అది అందరి సొత్తూ కాదు.

అమ్మకానికే గీయిస్తుంటే అనుమతిని కాగితం మీద రాయించుకోండి: దేనిమీద అచ్చు, ఎన్ని కాపీలు, ఎన్నాళ్లు, ఏ దేశంలో. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశమనే అనుకుంటుంది. ఆ టీషర్టులు డాలస్‌లోని తెలుగువాళ్లకు పంపాలంటే అమెరికా పేరు కూడా అందులో ఉండాలి.