అక్షరాల ఎత్తుకు ఒక లెక్క

పోయిన నెల మా అమ్మ నన్ను చూడటానికి హాస్టలుకు వచ్చింది. అమ్మకు చదువు రాదు. గోడ పత్రిక ముందు నిలబడి "నువ్వు రాసింది ఎక్కడ మొదలైందే?" అని అడిగింది. చూపించాను గానీ నాకే సిగ్గేసింది. నా వ్యాసం పేరు, పక్క కథలోని మామూలు వాక్యాలు ఒకే సైజులో ఉన్నాయి. తలా ఒకరం తోచినట్టు రాసేశాం మరి!

ఈసారి కంప్యూటర్ సార్ ఒక పద్ధతి చెప్పారు. దీన్ని మాడ్యులర్ స్కేల్ అంటారంట. ముందు మామూలు అక్షరానికి ఒక ఎత్తు అనుకోవాలి. దాన్ని ఒకే అంకెతో హెచ్చవేసుకుంటూ పోవాలి. అలా వచ్చిన ఎత్తులే వాడాలి, మధ్యలోవి వాడకూడదు.

మేం నాలుగడుగుల దూరం నుంచి చదివి చూసి 8 మిల్లీమీటర్లు తీసుకున్నాం. ఇది 'న' లాంటి ఒంటి అక్షరం ఎత్తు. కింద వచ్చే ఒత్తులు, పైన గుడులు ఇందులో కలపలేదు. వాటికోసం గీతకూ గీతకూ మధ్య 16 మిల్లీమీటర్లు వదిలాం. తర్వాత 1.5తో హెచ్చవేశాం. 8, 12, 18, 27 వచ్చాయి. విషయానికి 8, ఉపశీర్షికకు 12, వ్యాసం పేరుకు 18, పైన పత్రిక పేరుకు 27.

1.5 ఎందుకు? ముందు 1.2తో వేసి చూశాం. 8 తర్వాత సుమారు 9.6 వచ్చింది. మా చేయి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోతూనే ఉంటుంది, అందుకని ఏది శీర్షికో ఏది విషయమో తెలియలేదు. 2తో వేస్తే 8, 16, 32. మా చార్టులో ఒక్కో కాలమ్ వెడల్పు 24 సెంటీమీటర్లే. 'దోమతెర ఎందుకు' అనే పేరుకి ఏడు అక్షరాలు, ఒక ఖాళీ. అక్షరం వెడల్పు దాదాపు ఎత్తంతే ఉంటుంది కాబట్టి 32 ఎనిమిదిసార్లు అంటే సుమారు 25.6 సెంటీమీటర్లు, పట్టదు. 18 అయితే 14.4, హాయిగా పట్టింది.

ఒకమ్మాయి పేరు మాత్రం చాలా పొడుగు. "15కి తగ్గించనా అక్కా?" అంది. వద్దన్నాం. తగ్గిస్తే ఆ ఒక్క వ్యాసమూ ఉపశీర్షికలాగా కనిపిస్తుంది. అక్షరాలు తగ్గించకుండా రెండు మాటలు తీసేశాం. కాస్త అలిగింది. ఇంకోటి, 18 మిల్లీమీటర్ల అక్షరాన్ని సన్న స్కెచ్ పెన్నుతో రాస్తే పెద్దదైనా నీరసంగా ఉంటుంది. మేం రెండుసార్లు దిద్దాం.

రాశాక పదడుగులు వెనక్కి వెళ్లి కళ్లు సగం మూసి చూడండి. వ్యాసాలు ఎన్నో లెక్కపెట్టగలిగితే కొలతలు కుదిరినట్టే. మొన్న ఆదివారం అమ్మ చదవకుండానే నా వ్యాసం మీద వేలు పెట్టింది.

ప్రతిసారీ స్కేలుతో కొలవక్కర్లేకుండా ఒక అట్టముక్కకు 8, 12, 18, 27 దగ్గర గాట్లు పెట్టాం. అది మా గది తలుపు మేకుకు వేలాడుతోంది. వాడుకున్నాక మళ్లీ అక్కడే తగిలించండి.