మన బ్యాకప్‌ను మనమే చెరిపి చూద్దాం

2023 ఆగస్టు 18న డెన్మార్క్‌లో వెబ్‌సైట్లు నడిపే క్లౌడ్‌నార్డిక్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సర్వర్లతో పాటు మొదటి బ్యాకప్, రెండో బ్యాకప్ కూడా పోయాయి. ఎక్కువమంది ఖాతాదారుల డేటా ఇక తిరిగి రాలేదు. సర్వర్లన్నిటినీ నడిపే అడ్మిన్ వ్యవస్థ దుండగుల చేతికి చిక్కింది. అక్కడి నుంచి బ్యాకప్‌లను కూడా అందుకున్నారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు మాత్రం, దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటాను వెనక్కి తెచ్చుకోగలిగారు.

ఇలాంటప్పుడే గడువు తీరేదాకా ఎవరూ చెరపలేని కాపీలు పనికొస్తాయి. అమెజాన్ ఎస్3లో దీన్ని ఆబ్జెక్ట్ లాక్ అంటారు. అందులో రెండు రకాలున్నాయి. గవర్నెన్స్ రకంలో ప్రత్యేక అనుమతి ఉన్న అడ్మిన్ తాళం తీయగలడు, అంటే అతని పాస్‌వర్డ్ దొరికిన దొంగ కూడా తీయగలడు. కంప్లయన్స్ రకంలో ఖాతా యజమానికి కూడా కుదరదు. ఏది పెట్టారో సెట్టింగుల పేజీ చెబుతుంది. నేనైతే ఆ పేజీతో సరిపెట్టుకోను. అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతాతో ఒక చిన్న పరీక్ష ఫైలును చెరిపి చూడమంటాను.

ఇక్కడొక తికమక ఉంది. మామూలుగా డిలీట్ కొడితే పని జరిగినట్టే కనిపిస్తుంది, ఫైలు జాబితాలోంచి మాయమవుతుంది. నిజానికి పైన ఒక డిలీట్ మార్కర్ పడిందంతే, అసలు ప్రతి కిందే ఉంది. కాబట్టి వెర్షన్ నంబరు ఇచ్చి చెరపాలి:

```
aws s3api delete-object --bucket BUCKET --key test.dump --version-id ID --bypass-governance-retention
```

`AccessDenied` అని వస్తే తాళం గట్టిదే. పని జరిగిపోతే ఇన్నాళ్లూ ఉన్నది గవర్నెన్స్ తాళం, లేదా అసలు తాళమే లేదు. గడువును తగ్గించబోయి కూడా చూడాలి, అదీ కుదరకూడదు. ఒక్క దారి మాత్రం మిగులుతుంది: ఏకంగా ఖాతానే మూసేయడం. అందుకే బ్యాకప్ ఖాతా రోజువారీ పనుల ఖాతా కాకూడదు.

తాళం కాపీని కాపాడుతుందే తప్ప, కాపీ పనికొస్తుందని హామీ ఇవ్వదు. ఆఫీసు నెట్‌వర్క్‌తో సంబంధం లేని కంప్యూటరులో డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టి, తెలిసిన రోజు రికార్డులు తెరిచి లెక్క సరిచూడాలి. బ్యాకప్‌ను విప్పే కీ, దాడిలో పోయే సర్వర్లోనే ఉన్న సంగతి చాలాచోట్ల అప్పుడే బయటపడుతుంది. గడియారం కూడా చూడాలి. రెండు టెరాబైట్ల డేటా 100 ఎంబీపీఎస్ లైనులో ఎక్కడా ఆగకుండా దిగినా 44 గంటలు దాటుతుంది. అన్నాళ్లూ ఆసుపత్రి కాగితాల మీద నడవాలి.

నిన్న రాత్రి కాపీ ఒక్కటే పరీక్షిస్తే చాలదు. దొంగలు వారాల తరబడి లోపల పొంచి ఉండొచ్చు. అప్పటికే పాడైన ఫైళ్లను కూడా తాళం అంతే శ్రద్ధగా కాపాడుతుంది. గడువు ఏడు రోజులే పెడితే, దాడి బయటపడేసరికి మంచి కాపీల తాళాలు వీడిపోయి ఉంటాయి. నెల కిందటి కాపీని ఒకసారి తెరిచి చూడమని అడగండి.