స్కానర్‌లో పడ్డ డబ్బు, గల్లాలో ఉన్న డబ్బు: రాత్రి లెక్క కలిపేదెలా?

నరసరావుపేటలో టీ కొట్టు దగ్గరైనా, గురజాలలో కిరాణా కొట్టు దగ్గరైనా ఇప్పుడు ముందు వినపడే మాట ‘స్కానర్ ఉందా భాయ్?’ అనే. స్కానర్ అంటే క్యూఆర్ కోడ్ స్టిక్కరే. అది పెట్టుకోవడం అరగంట పని. రాత్రి కొట్టు మూసేటప్పుడు గల్లా పెట్టెలో ఉన్నదీ, ఫోన్‌లో కనపడేదీ, బ్యాంకులో పడేదీ కలపడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ‘అంతా ఖాతాలోనే పడుతుందిలే’ అని వదిలేస్తే, నెలాఖరుకు సరుకు డబ్బు కట్టాల్సినప్పుడు ఎంత అమ్మామో, ఎంత ఉండాలో ఎవరికీ తెలియదు.

ముందు స్టిక్కర్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. మన ఇళ్లలో మామూలుగా జరిగేది ఏమిటంటే, కొట్టు అబ్బాది, స్కానర్ కొడుకుది. కొడుకు సొంత ఫోన్‌పే కోడ్‌నే ప్రింట్ తీసి గోడకు అంటిస్తారు. తర్వాత అతను ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తే, మెసేజ్‌లన్నీ అక్కడి ఫోన్‌కే పోతాయి. డబ్బు వచ్చిందా లేదా అని గంటకోసారి కొడుకుకి ఫోన్ చేయాలి. పైగా అతని జీతం, ఇంటి ఖర్చు, కొట్టు కలెక్షన్ అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతాయి. అప్పుడు లెక్క కలపడం అయ్యే పని కాదు.

అందుకే కొట్టు నడిపేవారి పేరు మీద, వీలైతే కొట్టుకే వేరుగా ఉన్న ఖాతాకు, వ్యాపార కోడ్ తీసుకోవాలి. ఫోన్‌పే బిజినెస్, పేటీఎం ఫర్ బిజినెస్, భారత్‌పే లాంటి యాప్‌లలో ఏదో ఒకటి చాలు. ఏ కంపెనీ స్టిక్కర్ అయినా కస్టమర్ ఏ యూపీఐ యాప్‌తోనైనా స్కాన్ చేయొచ్చు. కాబట్టి నాలుగు స్టిక్కర్లు అంటించొద్దు, నాలుగు చోట్ల లెక్క చూడాల్సి వస్తుంది. పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు, బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర చార్జీ తీసుకోవడం లేదు. డబ్బు వచ్చిందని పలికే సౌండ్ బాక్స్‌కు మాత్రం సాధారణంగా నెల అద్దె ఉంటుంది.

స్టిక్కర్ అంటించాక ఇంకొకరి ఫోన్‌తో ఒక రూపాయి కొట్టించి చూడండి. స్కాన్ చేయగానే మీ కొట్టు పేరే రావాలి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో దొంగలు రాత్రికి రాత్రి కొన్ని దుకాణాల స్టిక్కర్ల మీద తమ స్టిక్కర్లు అంటించి పోయారు. కస్టమర్ ఫోన్‌లో వేరే పేరు రావడంతోనే అది బయటపడింది. స్టిక్కర్ బయట గోడకు ఉంటే రోజూ షట్టర్ తీయగానే ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి.

ఇక రాత్రి లెక్క. గురజాలలో ఒక చిన్న కిరాణా కొట్టు అనుకుందాం. పొద్దున గల్లాలో చిల్లర 1,500 పెట్టారు. రాత్రి లెక్కపెడితే 7,230 ఉంది. యాప్‌లో ఆ రోజు మొత్తం 6,840 చూపిస్తోంది. రెండూ కలిపి 14,070 అమ్మాం అనుకుంటే తప్పే.

గల్లాలోంచి పగలు ఏం బయటికి పోయిందో ముందు చూడాలి. పాలవాడికి 1,150, ఆటోకు 120, ఇంటికి 500 ఇచ్చారు. మధ్యలో ఒకరు వచ్చి ‘చాచా, 500 ఫోన్‌పే కొడతాను, నోటు ఇవ్వండి’ అన్నారు, ఇచ్చారు. మొత్తం 2,270. మిగిలిన 7,230కి దీన్ని కలిపి, పొద్దున పెట్టిన 1,500 తీసేస్తే ఆ రోజు గల్లాలోకి వచ్చిన నగదు 8,000. అందులో 600 పాత అరువు వసూలు. కాబట్టి నగదు అమ్మకం 7,400.

స్కానర్ లెక్కా ఇంతే. 6,840లో 450 పాత అరువు. నోటు తీసుకున్నాయన కొట్టిన 500 అసలు అమ్మకమే కాదు. ఈ రెండూ తీసేస్తే 5,890. ఈ రోజు అరువు ఇచ్చిన సరుకు 910. అంటే అసలు అమ్మకం 7,400, 5,890, 910 కలిపి 14,200. ఈ లెక్క కోసం పగలు నోటుబుక్కులో రాయాల్సినవి మూడే: గల్లాలోంచి పోయినవి, అరువు ఇచ్చినవి వచ్చినవి, ఫోన్‌పేకి నోటు మార్చినవి.

ఒక మాట చెప్పాలి. బిల్లు రాయని కొట్టులో ఈ లెక్క అమ్మకం ఎంతో చెబుతుంది గానీ, గల్లాలోంచి ఎవరైనా రాయకుండా వంద తీస్తే పట్టుకోదు. ఆ వంద అమ్మకం తగ్గినట్టే కనపడుతుంది.

నోటు మార్చిన 500 రాసిపెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. 2025 జూలైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐలో వచ్చిన మొత్తాలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మే కొట్టుకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఖాతా స్టేట్‌మెంట్‌లో అన్నీ వచ్చిన డబ్బులే. ఏది అమ్మకం, ఏది కాదు అని చూపించగలిగేది మీ నోటుబుక్కే.

మర్నాడు బ్యాంకుతో కలపాలి. బీకాంలో బ్యాంక్ రికన్సిలియేషన్ అని పెద్ద పేరుతో నేర్పేది ఇదే. వ్యాపార కోడ్‌లో డబ్బు ఒక్కొక్కటిగా కాకుండా, చాలాసార్లు ఒకే మొత్తంగా ఖాతాలో పడుతుంది, దాన్నే సెటిల్‌మెంట్ అంటారు. యాప్‌లో 6,840 ఉంటే బ్యాంకులో 6,715 పడింది అనుకోండి. తేడా 125. కంగారు పడకుండా యాప్‌లో సెటిల్‌మెంట్ వివరాలు తెరవండి, సౌండ్ బాక్స్ అద్దె అందులోంచే కోసుకుని ఉండొచ్చు. దాన్ని ఖర్చులో రాయాలి.

కస్టమర్ ‘నా ఖాతాలో కట్ అయింది’ అంటాడు, మన బాక్స్ పలకదు. అతని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వొద్దు, నకిలీ స్క్రీన్ చూపించే యాప్‌లు ఉన్నాయి. మీ యాప్‌లోనే చూడండి. లేకపోతే అతని దగ్గర 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకోండి. డబ్బు నిజంగానే మధ్యలో ఆగితే, రిజర్వ్ బ్యాంక్ 2019 నియమం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా కస్టమర్‌కు తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. డబ్బు రావడానికి మీ పిన్ కొట్టమని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

రంజాన్‌లో ఒక చిక్కు వస్తుంది. కొట్టు రాత్రి ఒంటిగంట దాకా తెరిచే ఉంటుంది, యాప్‌లో తేదీ మాత్రం 12కే మారిపోతుంది. 12 తర్వాత వచ్చిన 740 యాప్‌లో రేపటి లెక్కలోకి వెళ్తుంది, గల్లాలో నోట్లు మాత్రం ఇవాళ్టివే. ఆ 740ని విడిగా రాసి, అమ్మకం లెక్కలో ఇవాళ కలిపి రేపు తీసేయండి. బ్యాంకుతో కలిపేటప్పుడు మాత్రం యాప్ తేదీనే పట్టుకోండి.