జీతం పెరిగింది సరే, ఇంటికి వచ్చే సరుకు పెరిగిందా?

ఏప్రిల్, మే నెలల్లో చాలా ఇళ్లలో రెండు కాగితాలు దాదాపు ఒకేసారి చేతికొస్తాయి. ఒకటి ఆఫీసు ఇచ్చే హైక్ లెటరు, రెండోది మేం పంపే ఫీజుల వివరం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఎలాగో ఈ నెల చెప్పుకుందాం.

2021-22లో నెలకు 25,000 రూపాయల జీతం వచ్చే ఒక ఉద్యోగిని ఊహించుకోండి. ఆయనకు ఏటా 5 శాతం చొప్పున వరుసగా మూడు హైకులు వచ్చాయి. 2024-25 నాటికి జీతం సుమారు 28,940 అయింది. దాదాపు నాలుగు వేలు పెరిగినట్టే కదా!

ఇప్పుడు ధరలు చూడండి. దేశం మొత్తానికి వినియోగదారుల ధరల సూచీ 2022-23లో సగటున 6.7 శాతం, మరుసటి ఏడాది 5.4, ఆ తర్వాత 4.6 శాతం పెరిగింది. ఇవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కాబట్టి, 2021-22లో 25,000కి వచ్చిన సరుకే 2024-25లో కొనాలంటే సుమారు 29,400 కావాలి. అంటే మూడు హైకుల తర్వాత కూడా నెలకు 460 రూపాయలు తక్కువే. నష్టంలో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే జరిగింది. చివరి ఏడాది హైకు ధరలను కాస్త దాటింది, కానీ పాత లోటు పూడలేదు. ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అని వార్తల్లో వింటే ధరలు దిగాయనుకుంటాం. నిజానికి అవి ఎక్కడం నెమ్మదించింది, అంతే.

అయితే ఆ సూచీ దేశమంతటి సగటు బుట్ట. మీ బుట్ట వేరు. ఆ ఏళ్లకు లెక్కగట్టిన సూచీలో చదువు ఖర్చు వాటా నాలుగున్నర శాతం లోపే. ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఇంట్లో అది ఎంతుంటుందో మీకు తెలుసు. రాజోలు వైపు సొంతిల్లు, ఇంటి వెనక నాలుగు కొబ్బరిచెట్లు, పొలం నుంచి బియ్యం ఉన్నవారికి అద్దె పెరిగినా, బియ్యం ధర పెరిగినా పెద్దగా తగలదు. 2025లో కొబ్బరి ధర బాగా పెరిగినప్పుడు తోట ఉన్న రైతుకు అది రాబడి, నెలజీతంతో కాయ కొనుక్కునేవారికి ఖర్చు.

కాబట్టి మీ ఇంటి లెక్క మీరే వేసుకోవాలి. అమలాపురంలో అద్దెకుంటున్న ఒక కుటుంబం లెక్క ఇలా ఉందనుకుందాం. నిరుడు నెలకు అద్దె 6,000, కిరాణా, పాలు, కూరలు, చేపలు కలిపి 9,000, ఫీజులు, స్కూలు బస్సు 5,000, పెట్రోలు, గ్యాసు, కరెంటు 2,500, మందులు వగైరా 1,500. మొత్తం 24,000. ఈ ఏడాది అవే సరుకులు, అంతే పరిమాణంలో కొంటే అద్దె 6,500, తిండి 9,500, చదువు 5,500, మందులు 1,600 అయ్యాయి. పెట్రోలు, గ్యాసు, కరెంటు మారలేదు. మొత్తం 25,600. వీరి ఇంటి ధరలు 6.7 శాతం పెరిగాయన్నమాట. 25,000 జీతం మీద 6 శాతం హైకు వచ్చి 26,500 అయింది. నిరుడు నెలాఖరుకి వెయ్యి మిగిలేది, ఇప్పుడు తొమ్మిది వందలే.

ఈ లెక్కలో ఒకచోట చాలామంది పొరపాటు పడతారు. నిరుడు అర కేజీ చేపలు కొని, ఈ ఏడాది కేజీ కొంటే ఆ తేడా ధర పెరుగుదల కాదు, మీ వాడకం పెరిగింది. ఫీజుల్లోనూ అంతే. బాబు ఐదు నుంచి ఆరో తరగతికి వస్తే, నిరుటి ఐదో తరగతి ఫీజుతో పోల్చకండి. నిరుటి ఆరో తరగతి ఫీజుకీ, ఈ ఏటి ఆరో తరగతి ఫీజుకీ ఉన్న తేడాయే ధర పెరుగుదల. మిగతాది పిల్లవాడు ఎదిగినందుకు పెరిగిన ఖర్చు. దాన్నీ భరించాల్సిందే, కానీ వేరే వరుసలో రాసుకోండి.

ప్రభుత్వోద్యోగులకు ధరల కోసం డీఏ, సర్వీసు కోసం ఇంక్రిమెంటు విడివిడిగా ఉంటాయి. డీఏ కలిసినంత మాత్రాన జీతం పెరిగినట్టు కాదు, ధరలకు పోయిన దాంట్లో కొంత తిరిగొచ్చినట్టు. ప్రైవేటు ఉద్యోగుల్లో చాలామందికి డీఏ ఉండదు, ఒక్క హైకే రెండు పనులూ చేయాలి.

అందుకే హైక్ లెటరులో శాతం దేనిమీద ఇచ్చారో ముందు చూడండి. మొత్తం జీతం 25,000, అందులో బేసిక్ 12,500 అయితే, ‘8 శాతం హైకు’ బేసిక్ మీదే అయినప్పుడు పెరిగేది వెయ్యి రూపాయలు, అంటే మొత్తం మీద 4 శాతం. ఆ వెయ్యిలోంచి పీఎఫ్ కింద 12 శాతం పోతే చేతికొచ్చేది 880. పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు, కానీ ఈ నెల కిరాణా కొట్టులో అది చెల్లదు. ఇంటి ఖర్చుతో పోల్చాల్సింది ఆ 880నే.