మొదటి మూడు వరుసల్లో ఏం రాయాలి?

లింక్డ్‌ఇన్ ప్రొఫైల్లో మన గురించి రాసుకునే చోట 2,600 అక్షరాల వరకు పడతాయి. కానీ చూసేవారికి ముందు కనిపించేది మొదటి రెండు మూడు వరుసలే. పన్నెండేళ్లు అకౌంట్స్‌లో పనిచేసి ఫైనాన్షియల్ అనాలిసిస్ వైపు వెళ్లాలనుకునేవారు చాలామంది ఆ చోటును జీఎస్టీ రిటర్నులు, టాలీ, బ్యాంకు రీకన్సిలియేషన్లతో నింపేస్తారు. చదివిన మేనేజరుకు మరో అకౌంటెంటే కనిపిస్తాడు.

అకౌంటెంటు జరిగిన లెక్కను సరిగ్గా రాస్తాడు. అనలిస్టు అది ఎందుకు అలా జరిగింది, ఇకపై ఏమవుతుంది అని చెప్పాలి. ఆ పని మీరు ఇప్పటికే కొంత చేసి ఉంటారు, దాన్నే పైకి తీయండి.

ఒక మందుల పంపిణీ సంస్థ అకౌంటెంటును ఊహించుకుందాం. రవాణాకు బడ్జెట్ 40 లక్షలు, అయిన ఖర్చు 46 లక్షలు. పెరిగిన 6 లక్షల్లో 4 లక్షలు కిరాయి రేట్ల వల్ల, 2 లక్షలు ఎక్కువ సరుకు పంపినందువల్ల అని ఆయన విడదీశాడు. దాంతో యాజమాన్యం రేట్ల మీద మళ్లీ బేరమాడింది. ఆయన మొదటి వరుస ఇలా ఉండాలి: “రవాణా ఖర్చు బడ్జెట్‌ను 15 శాతం దాటితే కారణాలు విడదీసి చూపాను, ఆ లెక్కతోనే సంస్థ కిరాయి రేట్లు తిరిగి మాట్లాడుకుంది.” సంస్థ రహస్యం బయటపడకుండా రూపాయల బదులు శాతం వాడాడు చూడండి.

చేయని హోదాను మాత్రం పెట్టుకోకండి. ఇంటర్వ్యూలో ఎక్సెల్ తెరిచి ఫోర్‌కాస్ట్ వేయమంటే అది నిలబడదు.